పాల కూలర్‌లో 4 డిగ్రీలు, లాగర్‌లో 6.6: ఒక థర్మిస్టర్ కేసు

పలమనేరు వైపు ఒక పాల సేకరణ కేంద్రంలో వెయ్యి లీటర్ల బల్క్ మిల్క్ కూలర్ ఉంది. పొద్దున, సాయంత్రం వచ్చే పాలను అది 4 డిగ్రీలకు చల్లబరిచి, ట్యాంకర్ వచ్చేదాకా అలాగే నిలపాలి. కూలర్‌కు సొంత డిస్‌ప్లే ఉంది కానీ రికార్డు ఉండదు. రాత్రి కరెంటు ఎంతసేపు పోయింది, ఆ సమయంలో పాలు ఎంత వేడెక్కాయి, సాయంత్రం పాలు పోశాక మళ్లీ 4కు రావడానికి ఎంతసేపు పట్టింది అన్నవి తెలియాలంటే విడిగా ఒక లాగర్ కావాలి. అందుకని ఆర్డినో నానో అనే చిన్న కంట్రోలర్ బోర్డు, ఒక 10 కిలో ఓమ్స్ ఎన్‌టీసీ థర్మిస్టర్, మెమరీ కార్డు మాడ్యూల్, పది డిగ్రీలు దాటితే సైరన్ మోగించే రిలే బోర్డు కలిపి ఒక బాక్సు తయారైంది.

బిగించిన మొదటి రోజే పేచీ వచ్చింది. "కూలర్‌లో నాలుగు చూపిస్తా ఉంది, మీ బాక్సులో ఆరున్నర ఏంది సార్?" అని కేంద్రం సూపర్‌వైజర్ అడిగారు. ప్రశ్న న్యాయమైనదే. అయితే కూలర్ డిస్‌ప్లే చూపేది నిజమని కూడా ముందే ఒప్పుకోకూడదు. అది కూడా మరో సెన్సర్, మరో లెక్క.

కౌంట్ నుంచి రెసిస్టెన్స్ దాకా

కనెక్షన్ మామూలుదే. నానో 5 ఓల్ట్ పిన్ నుంచి 10 కిలో ఓమ్స్ ఒక శాతం రెసిస్టర్, దాని కింద థర్మిస్టర్, థర్మిస్టర్ రెండో కాలు గ్రౌండ్‌కు. రెండూ కలిసే చోటు నుంచి `A0` పిన్‌కు ఒక వైరు. పాలు చల్లబడే కొద్దీ థర్మిస్టర్ రెసిస్టెన్స్ పెరుగుతుంది, కాబట్టి `A0` దగ్గర ఓల్టేజ్, దాంతోపాటు నానో చదివే సంఖ్య, అంటే కౌంట్, పెరుగుతాయి. కౌంట్ పెరిగితే చల్లదనం పెరిగినట్టు. ఇది గుర్తుంటే తర్వాత వచ్చే తప్పు ఏ దిక్కున ఉందో వెంటనే అర్థమవుతుంది.

నానోలో ఓల్టేజ్‌ను సంఖ్యగా మార్చే ఏడీసీ పది బిట్లది. 0 నుంచి 1023 వరకు చదువుతుంది. చాలామంది మొదట ఈ కౌంట్‌ను ఓల్టేజ్‌గా మారుస్తారు, అందుకోసం 5.0 అనే సంఖ్యను కోడ్‌లో రాస్తారు. ఈ బాక్సులో ఆ 5 ఓల్ట్ పిన్ మీద మల్టీమీటర్ పెడితే 4.68 ఓల్టులే ఉన్నాయి. యూఎస్‌బీ సాకెట్ నుంచి వచ్చే కరెంటు బోర్డు మీది ఒక డయోడ్ గుండా పోతుంది. మిగతా ఓల్టేజ్ అక్కడే పడిపోయింది. అనుమానం ముందు దీని మీదికే పోతుంది. కానీ ఇక్కడ ఇది నిర్దోషి.

ఎందుకంటే రెసిస్టర్, థర్మిస్టర్ కలిసిన డివైడర్‌కు కరెంటు ఇచ్చేదీ, ఏడీసీ కొలబద్దగా వాడుకునేదీ ఒకే 4.68. కొలబద్ద కుంచించుకుపోతే కొలవాల్సిన వస్తువు కూడా అంతే నిష్పత్తిలో కుంచించుకుపోతుంది. కౌంట్ అనేది రెండు రెసిస్టెన్స్‌ల నిష్పత్తి మాత్రమే. ఓల్టేజ్ ఊసు లేకుండా రెసిస్టెన్స్ నేరుగా వస్తుంది:

```
R = 10000 × n / (1024 − n)
```

ఇక్కడ `n` అంటే `analogRead` ఇచ్చిన కౌంట్. డివైడర్‌కు 3.3 ఓల్ట్ పిన్ నుంచి కరెంటు ఇచ్చి, ఏడీసీ రిఫరెన్స్‌ను మాత్రం 5 ఓల్టుల దగ్గరే వదిలేస్తే ఈ సౌకర్యం పోతుంది. అప్పుడు చార్జర్ మార్చినప్పుడల్లా పాల టెంపరేచర్ మారినట్టు కనబడుతుంది. 

కోడ్‌లో ఈ సూత్రాన్ని రాసేటప్పుడు `10000`కు బదులు `10000.0` అని రాయాలి. నానోలో `int` పదహారు బిట్లది, 32767 దాటి పట్టదు. 10000ను 722తో గుణిస్తే డెబ్బై రెండు లక్షలు. అది పొంగిపొర్లి అర్థంలేని సంఖ్య మిగులుతుంది, కంపైలర్ మాత్రం ఆపదు. అదే గుణకారం ఈఎస్‌పీ32 బోర్డు మీద పొంగిపొర్లదు, అక్కడ `int` ముప్పై రెండు బిట్లది కాబట్టి. ఒక బోర్డు మీద నడిచిన కోడ్ ఇంకో బోర్డు మీద పిచ్చి రీడింగులిస్తే ముందు ఇక్కడ చూడాలి.

ఈ బాక్సులో పాలు 4 డిగ్రీల దగ్గర ఉన్నాయని కూలర్ చెప్పినప్పుడు లాగర్ కౌంట్ 722. సూత్రంలో వేస్తే 23.9 కిలో ఓమ్స్. థర్మిస్టర్‌ను డివైడర్ నుంచి విడదీసి మల్టీమీటర్‌తో కొలిస్తే కూడా దాదాపు అంతే వచ్చింది. అంటే ఏడీసీ, డివైడర్, 10 కిలో ఓమ్స్ రెసిస్టర్ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తప్పు ఎక్కడున్నా రెసిస్టెన్స్‌ను డిగ్రీలుగా మార్చే మెట్టులోనే ఉండాలి. ఇలా మధ్యలో ఒక చోట ఆగి సరిచూసుకుంటే వెతకాల్సిన చోటు సగానికి తగ్గుతుంది. అందుకే లాగర్ రాసే ఫైల్‌లో టెంపరేచర్‌తో పాటు ముడి కౌంట్ కూడా ఒక కాలమ్‌గా ఉండాలి. డిగ్రీలు మాత్రమే రాసే లాగర్‌లో తర్వాత తప్పు బయటపడితే పాత రికార్డును సరిచేసే దారి దొరకదు.

ఐసు చెప్పిన తీర్పు

కూలర్, లాగర్‌లలో ఎవరిది నిజమో తేల్చడానికి అన్నిటికంటే నమ్మకమైన సాక్షి ఐసు నీళ్లే. తాగే నీటితో చేసిన ఐసును మెత్తగా దంచి, వెడల్పు మూతి ఫ్లాస్కులో నింపి, సందులు నిండేంత మేర మాత్రమే చల్లని నీళ్లు పోయాలి. ఐసు పైకి తేలి అడుగున నీళ్లే మిగిలితే ఆ అడుగు నీళ్లు సరిగ్గా సున్నా దగ్గర ఉండవు, కాబట్టి నీళ్లు ఎక్కువైతే వంపేసి ఐసు వేయాలి. ప్రోబ్ ఫ్లాస్కు గోడకు, అడుగుకు తగలకుండా నడిమధ్య ఉండాలి. అప్పుడప్పుడు కలుపుతూ పది నిమిషాలు ఆగితే కౌంట్ ఒకచోట నిలబడుతుంది.

రెండో పాయింట్‌గా మరిగే నీళ్లను 100 డిగ్రీలని వాడుకోవడం మామూలే. ఇక్కడ అది కుదరదు. చిత్తూరు నుంచి మొగిలి ఘాట్ ఎక్కాక పలమనేరు సముద్రమట్టానికి దాదాపు 680 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఆ ఎత్తులో నీళ్లు 98 డిగ్రీలకు కాస్త ముందే మరుగుతాయి. అదీగాక పాల పనికి 100 డిగ్రీల దగ్గర ఏమవుతుందో అక్కర్లేదు. కావాల్సింది 0 నుంచి 35 వరకు. పితికిన పాలు కేంద్రానికి చేరేటప్పటికి ఉండే వేడికి దగ్గరగా 35 డిగ్రీల గోరువెచ్చని నీళ్లు రెండో పాయింట్‌గా సరిపోతాయి. లాక్టోమీటర్ రీడింగును టెంపరేచర్‌కు తగ్గట్టు సవరించాలి కాబట్టి పాల కేంద్రంలో గాజు థర్మామీటర్ ఎలాగూ ఉంటుంది. ముందు దాన్నీ అదే ఐసులో పెట్టి, సున్నా దగ్గర నిలుస్తోందని చూసుకున్నాకే సాక్షిగా ఒప్పుకోవాలి.

ఐసులో కౌంట్ 759 వచ్చింది, లాగర్ 3.1 డిగ్రీలు చూపింది. 35 డిగ్రీల నీళ్లలో కౌంట్ 417, లాగర్ మాత్రం 33.7 అంది. కూలర్ 4 అన్నచోట లాగర్ 6.6 అన్నది ముందే చూశాం.

ఈ మూడు తేడాలను పక్కపక్కన పెడితే అసలు సంగతి బయటపడుతుంది. సున్నా దగ్గర 3.1 ఎక్కువ, 4 దగ్గర 2.6 ఎక్కువ, 35 దగ్గర 1.3 తక్కువ. తప్పు ఎక్కడో మధ్యలో సున్నా అయి, అటు పక్క ఒక గుర్తుతో, ఇటు పక్క ఇంకో గుర్తుతో పెరుగుతోంది. ఆ మధ్య చోటు 25 డిగ్రీలు. థర్మిస్టర్‌కు 10 కిలో ఓమ్స్ అని పేరు పెట్టేది 25 డిగ్రీల దగ్గరి విలువను బట్టే. అక్కడ సరిపోయి, దూరం పోయే కొద్దీ చెడుతోందంటే లెక్కలో రెసిస్టెన్స్ ఎంత వేగంగా మారుతుందో చెప్పే సంఖ్య తప్పు. దాన్నే బీటా అంటారు.

కోడ్‌లో బీటా 3950 అని ఉంది. ఇంటర్నెట్‌లో దొరికే కోడ్‌లలో ఎక్కువ భాగం ఆ సంఖ్యతోనే ఉంటాయి. ఫ్రిజ్‌లు, కూలర్‌ల కోసం అమ్మే స్టీలు తొడుగు ప్రోబుల్లో చాలావాటి బీటా 3435. షాపులో "టెన్ కే ఎన్‌టీసీ" అని అడిగితే రెండిట్లో ఏదైనా చేతికి రావచ్చు. కవరు మీద 10కె అనే ఉంటుంది, బీటా ఉండకపోవచ్చు. పైగా మన ఎండల్లో పగటిపూట గది టెంపరేచర్ 30 దగ్గర ఉంటుంది. టేబుల్ మీద పరీక్షిస్తే రెండు బీటాలకూ తేడా 0.7 డిగ్రీ కూడా మించదు కాబట్టి సెన్సర్ పాస్ అయిపోతుంది. పాలలో దిగాకే బండారం బయటపడుతుంది.

ఇక్కడ ఒక సులువు దారి ఊరిస్తుంది. కోడ్ చివర 2.6 తీసేస్తే 4 దగ్గర కూలర్‌తో సరిపోతుంది, పేచీ ముగుస్తుంది. కానీ సైరన్ మోగాల్సింది 10 డిగ్రీల దగ్గర. తప్పు బీటాతో అసలు 10 డిగ్రీలు 11.9గా కనబడుతుంది. అందులోంచి 2.6 తీస్తే 9.3. సాయంత్రం పాలు పోశాక ట్యాంకులో పాలు నిజంగా 10 దాటినా సైరన్ ఊరకే ఉంటుంది. ఇంకో 0.8 డిగ్రీలు పెరిగితే గానీ మోగదు. తప్పు గుర్తు మారుతున్నప్పుడు కూడడం, తీయడం వల్ల అది పోదు, ఒకచోట నుంచి ఇంకోచోటికి జరుగుతుంది.

బీటాను కవరు మీద వెతకడం కంటే కొలవడమే మేలు. చేతిలో రెండు పాయింట్లు ఉన్నాయి. ఐసు కౌంట్ 759 అంటే 28.64 కిలో ఓమ్స్. 35 డిగ్రీల కౌంట్ 417 అంటే 6.87 కిలో ఓమ్స్. టెంపరేచర్‌లను కెల్విన్‌లోకి మార్చి (273.15, 308.15) వేస్తే:

```
BETA = ln(28.64 / 6.87) / (1/273.15 − 1/308.15)
     = 1.4277 / 0.00041582
     ≈ 3433
```

3435కు ఇంత దగ్గరగా రావడంతో ప్రోబు ఏ రకమో తేలిపోయింది. అయినా కోడ్‌లో రాయాల్సింది కొలిచిన 3433నే. ఆధార పాయింట్‌గా 25 డిగ్రీల 10 కిలో ఓమ్స్‌ను కాకుండా ఐసు దగ్గర కొలిచిన 28.64నే పెడితే ఇంకా మంచిది. ప్రోబు తయారీలోని తేడా, 10 కిలో ఓమ్స్ రెసిస్టర్ ఒక శాతం తేడా రెండూ ఆ కొలతలోనే కలిసిపోతాయి. పైగా పని జరిగేది 4 డిగ్రీల దగ్గర. దానికి దగ్గరి పాయింట్‌ను పట్టుకుంటే మిగిలే తప్పు కూడా అక్కడ చిన్నదిగా ఉంటుంది.

రెండు పాయింట్లతో తీసిన లెక్క ఆ రెండు పాయింట్ల దగ్గర సరిపోవడం వింతేమీ కాదు, సరిపోక చావదు. అందుకే లెక్కలో వాడని మూడో చోట చూడాలి. గాజు థర్మామీటర్ 20 చూపే నీళ్లలో కౌంట్ 561 వచ్చింది, కొత్త లెక్క 20.1 అంది. 4 డిగ్రీల దగ్గర ఒక్క కౌంట్ విలువే 0.1 డిగ్రీ, కాబట్టి ఇంతకంటే దగ్గరగా ఆశించడం అత్యాశ. బీటా సూత్రం ఈ రెండు పాయింట్ల మధ్యలో నమ్మదగినది. ఇదే సంఖ్యలతో పాశ్చరైజర్ 72 డిగ్రీలను కొలవబోతే బీటాయే మెల్లగా మారిపోతుంది, అక్కడికి వేరే పాయింట్లు తీసుకోవాలి.

కూలర్ ట్యాంకు దగ్గరికి మళ్లీ వెళ్తే, అదే 722 కౌంట్‌కు కొత్త లాగర్ 4.0 చూపింది. కూలర్ డిస్‌ప్లే మొదటి నుంచీ నిజమే చెబుతోంది.

సైరన్ మోగితే పాలు చల్లబడ్డాయి

రెండో రోజు ఇంకో సమస్య. సాయంత్రం పాలు పోశాక టెంపరేచర్ పది దాటగానే రిలే టక్ మని పడింది, వెంటనే ఎత్తుకుంది, మళ్లీ పడింది. సైరన్ కోడిపెట్టలా కొక్కొక్కొ మంది. లాగ్ ఫైల్‌లో చూస్తే రిలే పడిన ప్రతిసారీ టెంపరేచర్ అర డిగ్రీ తగ్గుతోంది, రిలే వదలగానే మళ్లీ పెరుగుతోంది. వెయ్యి లీటర్ల పాలు సెకనులో అర డిగ్రీ చల్లబడవు. 

రిలే లాగే కరెంటుకు 4.68 ఓల్టులు ఇంకాస్త పడిపోయి ఉంటాయని అనుకోవచ్చు. పడిపోయాయి కూడా. కానీ నిష్పత్తి లెక్క దాన్ని పట్టించుకోదని పైన చూశాం. మిగిలింది గ్రౌండ్. ట్యాంకు పక్కనున్న జంక్షన్ బాక్సులో థర్మిస్టర్ గ్రౌండ్, రిలే బోర్డు గ్రౌండ్ ఒకే స్క్రూ కింద బిగించి, అక్కడి నుంచి నానోకు ఒక్క సన్న వైరు వేశారు. మల్టీమీటర్‌ను మిల్లీ ఓల్టుల మీద పెట్టి ఒక ప్రోబు ఆ స్క్రూ మీద, ఇంకోటి నానో గ్రౌండ్ పిన్ మీద పెడితే, రిలే వదిలి ఉన్నప్పుడు దాదాపు సున్నా. రిలే పడినప్పుడు 68 మిల్లీ ఓల్టులు.

5 ఓల్ట్ రిలే కాయిల్ 70 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతుంది. అంత కరెంటుకు 68 మిల్లీ ఓల్టులు పడిందంటే ఆ వైరు, స్క్రూ కలిపి ఒక ఓమ్ రెసిస్టెన్స్. వినడానికి ఒక ఓమ్ ఏపాటిదనిపిస్తుంది. అయితే రిలే కరెంటు దాని గుండా పోయినప్పుడు థర్మిస్టర్ కింది కాలు 68 మిల్లీ ఓల్టులు పైకి లేస్తుంది. 10 డిగ్రీల దగ్గర అందులో మూడో వంతుకు కాస్త పైన, అంటే 24 మిల్లీ ఓల్టులు `A0` దాకా చేరుతుంది. కౌంట్‌కు 4.57 మిల్లీ ఓల్టుల లెక్కన అది 5 కౌంట్లు, 10 కౌంట్లకు ఒక డిగ్రీ చొప్పున అర డిగ్రీ. కౌంట్ పెరిగితే చల్లదనం కాబట్టి సైరన్ మోగడమే సైరన్‌ను ఆపుతోంది.

మోగే హద్దుకూ ఆగే హద్దుకూ మధ్య ఒక డిగ్రీ ఎడం పెట్టినా ఈ టకటక ఆగేది. కానీ అర డిగ్రీ అబద్ధం లాగ్‌లో అలాగే ఉండిపోయేది. చేయాల్సిన పని థర్మిస్టర్ గ్రౌండ్‌ను రిలే గ్రౌండ్ నుంచి విడదీసి, సొంత వైరుతో నేరుగా నానో గ్రౌండ్ పిన్‌కు తేవడం. తెచ్చాక రిలే పడినా వదిలినా కౌంట్ కదల్లేదు. ఎడం ఆ తర్వాత అర డిగ్రీ పెడితే సరిపోయింది.

కంప్రెసర్ మోటారు వైరు పక్కనే సెన్సర్ వైరు నడవడం వల్ల మరో మూడు నాలుగు కౌంట్ల వణుకు కూడా ఉండింది. దానికి `A0`కూ గ్రౌండ్‌కూ మధ్య 100 నానో ఫారడ్ కెపాసిటర్ ఒకటి, కోడ్‌లో 64 రీడింగుల సగటు సరిపోయాయి. రీడింగుకూ రీడింగుకూ 5 మిల్లీ సెకన్లు వదిలితే 64 రీడింగులకు దాదాపు 320 మిల్లీ సెకన్లు పడుతుంది, అంటే 50 హెర్ట్జ్ కరెంటుకు పదహారు చుట్లు. చుట్టులో పైకి పోయినంతా కిందికీ వస్తుంది కాబట్టి సగటులో ఆ వణుకు చాలావరకు చెల్లిపోతుంది.

```cpp
const float RS = 10000.0;
const float R_ICE = 28640.0;   // ఐసులో కొలిచినది
const float T_ICE = 273.15;
const float BETA = 3433.0;

float readTemp() {
  long sum = 0;
  for (int i = 0; i < 64; i++) {
    sum += analogRead(A0);
    delay(5);
  }
  float n = sum / 64.0;
  if (n < 20 || n > 1000) return NAN;   // వైరు తెగింది లేదా షార్ట్
  float r = RS * n / (1024.0 - n);
  return 1.0 / (1.0 / T_ICE + log(r / R_ICE) / BETA) - 273.15;
}
```

మధ్యలో `NAN`, అంటే "ఇది సంఖ్యే కాదు" అని తిరిగి ఇచ్చే లైను అలంకారం కాదు. థర్మిస్టర్ వైరు తెగితే `A0` ఓల్టేజ్ పైకి పోయి కౌంట్ 1023 అవుతుంది. ఈ లెక్కలో అది మైనస్ 87 డిగ్రీలు. చల్లగా ఉందనుకుని సైరన్ ఊరుకుంటుంది, కింద పాలు విరిగిపోతుంటాయి. ఎలుకలు తిరిగే షెడ్డులో వైరు తెగడం అరుదేమీ కాదు. అయితే `NAN` తిరిగి ఇచ్చినంత మాత్రాన కూడా పని కాదు. `t > 10` అని అడిగితే `NAN` ఎప్పుడూ కాదనే అంటుంది, సైరన్ మళ్లీ మౌనమే. కాబట్టి ముందు దాన్నే అడగాలి:

```cpp
if (isnan(t) || t > 10.0) alarmOn();
else if (t < 9.5) alarmOff();
```

బిగించాక వైరును ఒకసారి పీకి, ఒకసారి రెండు కాళ్లూ షార్ట్ చేసి, రెండు సార్లూ సైరన్ మోగుతుందని చెవులారా వినాలి.

ఇక ప్రోబును పాలలో నేరుగా ముంచకుండా, కూలర్ ట్యాంకుకున్న సెన్సర్ గొట్టంలో దించారు. గొట్టానికీ ప్రోబుకూ మధ్య గాలి మిగిలితే పాలు చల్లబడిన చాలాసేపటికి గానీ ప్రోబుకు తెలియదు. పైగా థర్మిస్టర్‌లో పుట్టే అర మిల్లీ వాట్ వేడి కూడా పోయే దారిలేక అక్కడే నిలిచి రీడింగును కాస్త పైకి నెడుతుంది. ప్రాసెసర్ మీద రాసే హీట్ సింక్ పేస్టును ప్రోబు మొనకు దట్టంగా పట్టించి దించితే రెండూ తగ్గుతాయి.

బాక్సు మూత లోపల ఒక కాగితం అంటించి ఉంది. దాని మీద ప్రోబు బీటా 3433, ఐసు కౌంట్ 759, 35 డిగ్రీల కౌంట్ 417, కొలిచిన తేదీ. ప్రోబు మార్చిన రోజు ఆ మూడు సంఖ్యలూ కొట్టేసి, ఫ్లాస్కులో ఐసు పోసి, కొత్తవి రాయాలి. మార్చకపోయినా ఐసులో ముంచినప్పుడు 759కి నాలుగైదు కౌంట్లు తగ్గి కనబడితే ప్రోబు తొడుగులోకి తేమ దిగిందని ముందు అనుమానించాలి. తేమ థర్మిస్టర్‌కు పక్కదారి ఇస్తుంది, రెసిస్టెన్స్ తగ్గుతుంది, పాలు ఉన్నదాని కంటే వెచ్చగా కనబడతాయి.